ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి

బీకాం కాస్ట్ అకౌంటింగ్ నుంచి సీఏ, సీఎంఏ ఇంటర్మీడియట్ దాకా ఏ పాత ప్రశ్నపత్రం తిరగేసినా సరుకు నిల్వల మీద ఇలాంటి లెక్క ఒకటి తగులుతుంది.

ఒక పంపుసెట్ల కర్మాగారంలో ఒక రకం బేరింగులు వారానికి కనీసం 50, మామూలుగా 100, గరిష్ఠంగా 150 వాడతారు. ఆర్డరు పెట్టాక సరుకు చేరడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. బేరింగు ధర 260 రూపాయలు. ఒక్కో ఆర్డరుకు అయ్యే ఖర్చు 400 రూపాయలు. నిల్వ ఉంచడానికి ఏడాదికి అయ్యే ఖర్చు ధరలో 10 శాతం. ఏడాదికి 52 వారాలు. ఈఓక్యూ అనే ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీని, రీఆర్డర్ లెవెల్‌ను, మినిమం, మాక్సిమం లెవెళ్లను కనుక్కోండి.

సూత్రాలు బట్టీపట్టిన విద్యార్థి దీన్ని పది నిమిషాల్లో ముగిస్తాడు. ఒక్క అంకె తప్పు గదిలో పడితే మాత్రం ఆ పది నిమిషాలూ వృథా. ప్రశ్నలో ఇచ్చిన అంకెలన్నీ ఒకే లెక్కకు చెందినవి కావు. కొన్ని ‘ఒక్కసారికి ఎంత తెప్పించాలి’ అన్న లెక్కకు పనికొస్తాయి, కొన్ని ‘ఎప్పుడు ఆర్డరు పెట్టాలి’ అన్న లెక్కకు. ఏది ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు వెళ్తుందో తెలిస్తే సూత్రం మరిచిపోయినా మళ్లీ రాబట్టుకోవచ్చు. అందుకే ఈ ఒక్క ప్రశ్ననే చివరిదాకా పట్టుకుని నడుద్దాం.

ముందు ‘ఎంత’ సంగతి. ఏడాదికి ఎన్ని బేరింగులు కావాలి? వారానికి 100 చొప్పున 52 వారాలకు 5,200. ఇక్కడ మామూలు వాడకాన్నే తీసుకోవాలి. ఏడాది పొడవునా ప్రతి వారం 150 వాడే కర్మాగారం అయితే, ఆ 150నే మామూలు వాడకం అని రాసేవారు కదా. పోటీపడి పనిచేసిన వారాలూ, చప్పగా సాగిన వారాలూ కలిసి ఏడాది చివరికి సగటు దగ్గరే తేలతాయి.

ఈ 5,200 బేరింగులనూ ఒకేసారి తెప్పించొచ్చు, వారం వారం వంద చొప్పునా తెప్పించొచ్చు. తరచుగా తెప్పిస్తే ఆర్డర్ల ఖర్చు పెరుగుతుంది. ఒక్కో ఆర్డరుకు 400 రూపాయలంటే అందులో లారీ కిరాయి, వచ్చిన సరుకును పరీక్షించడం, కాగితాల పని అన్నీ ఉంటాయి. ఆర్డరు పెద్దదైనా చిన్నదైనా ఇది మారదన్నది ఇక్కడి ఊహ. ఒకేసారి తెప్పిస్తే గోడౌను నిండుతుంది. అప్పుడు సరుకులో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ, గోడౌను అద్దె, బీమా, తుప్పు, కాలం చెల్లిన మోడళ్ల నష్టం మీద పడతాయి. ఒక బేరింగును ఏడాదిపాటు ఉంచితే 260లో 10 శాతం, అంటే 26 రూపాయలు అవుతుంది. చాలామంది ఈ మెట్టు దగ్గరే జారిపోతారు. 10 అన్న అంకెను తిన్నగా సూత్రంలో పెట్టేస్తారు. అక్కడ ఉండాల్సింది శాతం కాదు, ఒక యూనిట్‌కు ఏడాదికి అయ్యే రూపాయలు.

ఇప్పుడు ఒక్కసారికి 200 తెప్పించారనుకుందాం. ఏడాదికి 26 ఆర్డర్లు, వాటికి 10,400 రూపాయలు. నిల్వ సంగతి చూస్తే, సరుకు వచ్చిన రోజు 200 ఉంటాయి, వాడుతూ పోతే సున్నాకు వస్తాయి, కాబట్టి సగటున గోడౌనులో ఉన్నవి 100. వాటి మీద 26 చొప్పున 2,600. మొత్తం 13,000. అదే 800 తెప్పిస్తే ఆర్డర్లు ఆరున్నర, ఖర్చు 2,600. సగటు నిల్వ 400, దాని ఖర్చు 10,400. మొత్తం మళ్లీ 13,000. రెండు ఖర్చులూ చోట్లు మార్చుకున్నాయి, అంతే.

ఈ రెండు వరుసల్లో ఒక ముచ్చటైన విషయం దాగి ఉంది. ఆర్డర్ల ఖర్చును నిల్వ ఖర్చుతో గుణించి చూడండి. రెండుచోట్లా 2,70,40,000 వస్తుంది. ఎంత తెప్పించినా ఈ లబ్ధం మారదు. ఒకటి రెట్టింపైతే రెండోది సగమవుతుంది. గుణిస్తే మారని రెండు సంఖ్యల మొత్తం ఎప్పుడు అన్నిటికన్నా తక్కువ అవుతుంది? రెండూ సమానమైనప్పుడు. ఒకే విస్తీర్ణం ఉన్న స్థలాల్లో చదరంగా ఉన్నదానికే ప్రహరీ గోడ తక్కువ పొడవు పడుతుంది, ఇదీ అంతే. కాలిక్యులస్ రానివాళ్లకు కూడా ఈఓక్యూ సూత్రం ఇక్కడే చేతికొస్తుంది. ఆర్డర్ల ఖర్చు, నిల్వ ఖర్చు సమానమయ్యే పరిమాణం ఎంతో కనుక్కుంటే చాలు. ఏడాది వాడకం A, ఒక్క ఆర్డరు ఖర్చు O, ఒక యూనిట్ నిల్వ ఖర్చు C, తెప్పించే పరిమాణం Q అనుకుంటే:

```
(A / Q) × O = (Q / 2) × C
Q = √(2AO / C)
  = √(2 × 5200 × 400 / 26)
  = √160000 = 400
```

సూత్రంలో ఆ 2 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిపోతుంది. సగటు నిల్వ Q లో సగం కాబట్టి వచ్చింది. పరీక్షలో ఆ 2 మరిచిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. మరిచిపోతే జవాబు సుమారు 283 వస్తుంది. అది తప్పని పట్టుకోవడానికి అర నిమిషం చాలు. 283 చొప్పున తెప్పిస్తే ఆర్డర్ల ఖర్చు దాదాపు 7,350, నిల్వ ఖర్చు దాదాపు 3,680. ఒకటి రెండోదానికి రెట్టింపు ఉంది. అంటే వర్గమూలం లోపల ఒక రెండు జారిపోయింది. మన 400కు సరిచూస్తే ఏడాదికి 13 ఆర్డర్లు, ఖర్చు 5,200. సగటు నిల్వ 200, ఖర్చు 5,200. రెండూ సరితూగాయి, మొత్తం 10,400. జవాబు కింద ఈ రెండు వరుసలూ రాయమని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. అయితే 26కు బదులు 10 పెట్టిన తప్పును ఈ తూకం పట్టుకోలేదు. ఎందుకంటే సరిచూసేటప్పుడూ ఆ 10నే వాడతారు. దానికి మందు, లెక్క మొదలుపెట్టకముందే ‘ఒక యూనిట్‌కు, ఏడాదికి, రూపాయల్లో’ అని C పక్కన రాసుకోవడం.

ఈ సూత్రం పుట్టింది కర్మాగారం ప్రశ్నలోంచే. అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ విట్‌మన్ హారిస్ 1913లో ‘ఫ్యాక్టరీ’ అనే పత్రికలో, ఒక్కసారికి ఎన్ని విడిభాగాలు తయారుచేయాలి అన్న విషయం మీద వ్యాసం రాశాడు. ఆయన లెక్కలో ఆర్డరు ఖర్చు స్థానంలో యంత్రాన్ని ఒక పని నుంచి ఇంకో పనికి సిద్ధం చేసే ఖర్చు ఉంటుంది. తర్వాత 1934లో ఆర్.హెచ్. విల్సన్ ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో స్టాకు నియంత్రణ గురించి రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారమైంది. అందుకే కొన్ని పుస్తకాలు దీన్ని విల్సన్ సూత్రం అంటాయి.

400 వచ్చింది కదా అని దాన్ని గీత గీసినట్టు పట్టుకోనక్కర్లేదు. సరఫరాదారు పెట్టెకు 500 బేరింగులు పెట్టి పంపుతాడనుకోండి. 500 చొప్పున తెప్పిస్తే ఆర్డర్ల ఖర్చు 4,160, నిల్వ ఖర్చు 6,500, మొత్తం 10,660. ఏడాది మొత్తానికి 260 రూపాయలే ఎక్కువ. ఒక్క బేరింగు ధర! కనిష్ఠ బిందువు దగ్గర ఖర్చు రేఖ లోతైన గోతిలా కాకుండా వెడల్పాటి పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. నిజ జీవితంలో ఈ గుణమే సూత్రాన్ని కాపాడుతుంది. ఎందుకంటే ఒక్క ఆర్డరుకు నిజంగా ఎంత ఖర్చవుతుందో ఏ కంపెనీకీ రూపాయి కచ్చితంగా తెలియదు. 400 అయ్యేచోట పొరపాటున 800 అనుకుంటే సూత్రం 566 తెప్పించమంటుంది. అలా తెప్పించినా పడే అదనపు భారం 6 శాతం చిల్లరే. అంచనా రెట్టింపు తప్పినా నష్టం ఇంతే.

ఇక ‘ఎప్పుడు’ సంగతి. ఇక్కడ ఆర్డరు ఖర్చుతోనూ, నిల్వ ఖర్చుతోనూ, ధరతోనూ పనిలేదు. కావాల్సినవి రెండే: సరుకు రావడానికి ఎంతకాలం పడుతుంది, ఆ కాలంలో ఎంత వాడతాం. కాస్టింగ్ పుస్తకాల పద్ధతి ప్రకారం ఇక్కడ మామూలు అంకెలు చాలవు. ఆర్డరు పెట్టి ఎదురుచూస్తున్న రోజుల్లో వాడకం ఎక్కువైతే, పైగా లారీ ఆలస్యమైతే, బేరింగులు లేక అసెంబ్లీ లైను ఆగిపోతుంది. ఆ ప్రమాదం రాకుండా రెండిటిలోనూ గరిష్ఠాన్నే తీసుకుంటారు. వారానికి 150, 4 వారాలు, అంటే 600. గోడౌనులో స్టాకు 600కు దిగగానే 400కు ఆర్డరు పెట్టాలి. ఇదీ రీఆర్డర్ లెవెల్.

మిగతా రెండూ దీని మీద ఆధారపడి వచ్చేవే. 600 దగ్గర ఆర్డరు పెట్టాక అంతా మామూలుగా జరిగితే ఏమవుతుంది? 2, 4 వారాల సగటు 3 వారాలు. వారానికి 100 చొప్పున 300 అయిపోతాయి. కొత్త సరుకు వచ్చేసరికి ఇంకా 300 మిగిలి ఉంటాయి. అదే మినిమం లెవెల్. దీన్ని ముట్టకూడని నిల్వ అనుకునే విద్యార్థులున్నారు. ముట్టవచ్చు, అవసరం కోసమే అది ఉంది. స్టాకు 300 కిందికి దిగిందంటే వాడకమో, రవాణానో మామూలు దారి తప్పిందని స్టోర్‌కీపర్‌కు తెలియాలి. ఆ రోజే సరఫరాదారుకు ఫోను చేసి సరుకు ఎక్కడుందో కనుక్కోవాలి. మాక్సిమం లెవెల్ దీనికి ఎదురు సందర్భం. ఆర్డరు పెట్టాక వాడకం బాగా తగ్గి వారానికి 50కి వచ్చింది, సరుకేమో 2 వారాలకే వచ్చేసింది. 600లో 100 మాత్రమే అయిపోయాయి, పైన 400 వచ్చిపడ్డాయి. మొత్తం 900. ఇంతకుమించి నిల్వ పేరుకుందంటే ఎవరో అవసరం లేకుండా కొన్నారన్నమాట.

```
ROL = 150 × 4 = 600
Min = 600 − (100 × 3) = 300
Max = 600 + 400 − (50 × 2) = 900
```

జవాబు చూసుకున్న విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. తెప్పించేది 400, ఆర్డరు పెట్టాల్సిన మట్టం 600. తెప్పించే సరుకు కన్నా ఆర్డరు మట్టమే ఎక్కువ ఉంటుందా? ఉంటుంది, తప్పేమీ లేదు. రెండు అంకెలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దకూడదు. మామూలు రోజుల్లో 600 దగ్గర ఆర్డరు పెడితే 300కు దిగాక 400 వచ్చి 700 అవుతుంది. వారం గడిచేసరికి మళ్లీ 600. నాలుగు వారాల చక్రం సాఫీగా తిరుగుతుంది.

రోజులు బాగాలేనప్పుడు మాత్రం దీనిలో ఒక చిక్కుంది. పరీక్షలో సాధారణంగా అడగరు గానీ, స్టోర్స్‌లో పనిచేసేవారికి ఇదే ప్రాణం. వారానికి ఆరు పనిదినాలు అనుకుందాం. గరిష్ఠ వాడకంలో రోజుకు 25 బేరింగులు, సరుకు చేరడానికి 24 పనిదినాలు. 600 దగ్గర ఆర్డరు పెట్టారు. 24వ రోజుకు గోడౌను ఖాళీ అయింది, సరిగ్గా అదే రోజు 400 వచ్చాయి. చేతిలో ఉన్న 400ను చూసి, 600 కన్నా తక్కువే కదా అని స్టోర్‌కీపర్ అప్పుడు రెండో ఆర్డరు పెట్టాడు. ఆ సరుకు 48వ రోజున వస్తుంది. చేతిలో ఉన్న 400 మాత్రం 16 రోజులకే, అంటే 40వ రోజుకే అయిపోతాయి. ఎనిమిది రోజులు బేరింగులు లేవు. రీఆర్డర్ లెవెల్ సరిగ్గానే కట్టారు, అయినా లైను ఆగిపోయింది.

తప్పు ఎక్కడుందంటే, గోడౌనులో కనబడే స్టాకును మాత్రమే 600తో పోల్చడంలో ఉంది. పోల్చాల్సింది చేతిలో ఉన్నదీ, ఆర్డరు పెట్టి దారిలో ఉన్నదీ కలిపిన మొత్తాన్ని. అలా చూస్తే మొదటి ఆర్డరు పెట్టిన రోజున లెక్క 600, దారిలోని 400 కలిపి 1,000. పదహారో రోజుకు చేతిలో 200, దారిలో 400, మొత్తం 600కు దిగుతుంది. అప్పుడే రెండో ఆర్డరు పెట్టాలి. అది 16 రోజులకు 24 కలిపి సరిగ్గా 40వ రోజున చేరుతుంది, మొదటిసారి వచ్చిన 400 అయిపోయేదీ ఆ రోజే. లైను ఒక్క పూట కూడా ఆగదు. పరీక్షలో కట్టిన 600 అక్షరాలా నిలబడుతుంది, దాన్ని దేనితో పోల్చాలో తెలిస్తే. స్టాకు రిజిస్టరులోనూ, కంప్యూటరులోనూ ‘ఆర్డరులో ఉన్నది’ అని వేరే గడి ఉండేది ఇందుకే. ఆ గడిని ఎప్పటికప్పుడు నింపని చోట ఇంకో రకం నష్టం కూడా జరుగుతుంది. స్టాకు 600 కింద ఉన్నన్నాళ్లూ ఒకే సరుకుకు ఒకరికి తెలియకుండా ఒకరు ఆర్డర్లు పెడుతూ పోతారు.

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. ఈఓక్యూ దగ్గర మొత్తం ఖర్చు 10,400 అని రాశాం. ఈ అంకెలో మినిమం లెవెల్‌గా పడి ఉండే 300 బేరింగుల ఖర్చు లేదు. వాటి మీద ఏడాదికి 26 చొప్పున 7,800 రూపాయలు అవుతుంది. నిజానికి సగటు నిల్వ 200 కాదు, 300కు ఆ 200 కలిపి 500. ఎంత తెప్పించినా ఆ 7,800 మారదు కాబట్టి ఈఓక్యూ లెక్కలోకి రాదు, అంతే తప్ప కంపెనీ జేబులోంచి పోదని కాదు. వాడకమూ, ఆలస్యమూ రెండూ ఒకేసారి గరిష్ఠానికి చేరతాయన్న భయానికి కట్టే రుసుము అది. ఈ పద్ధతి అతి జాగ్రత్త అని నా అభిప్రాయం. రెండు చెడులూ ఒకే నెలలో రావడం అరుదు. అందుకే పెద్ద కంపెనీలు పాత రికార్డుల్లోని హెచ్చుతగ్గులను చూసి, నూటికి ఎన్నిసార్లు స్టాకు అయిపోయినా ఓర్చుకోగలమో తేల్చుకుని ఈ నిల్వను తగ్గించుకుంటాయి. బేరింగు లేకపోతే లైను మొత్తం ఆగే చోట మాత్రం ఆ 7,800 ఎక్కువేమీ కాదు.

ప్రశ్నకు చివర్లో తరచూ ఒక తోక ఉంటుంది. ఒకేసారి 1,300 తెప్పిస్తే సరఫరాదారు ధరలో 1 శాతం తగ్గిస్తానన్నాడు, ఒప్పుకోవచ్చా? ఈఓక్యూ 400 కాబట్టి వద్దని రాస్తే మార్కులు పోతాయి. 400 అన్నది ధర మారనంతవరకే ఉత్తమం. ధర మారినప్పుడు మొత్తం ఖర్చులను పోల్చాలి. ఏడాది కొనుగోలు 13,52,000 రూపాయలు, అందులో 1 శాతం 13,520 ఆదా. కొత్త ధర 257 రూపాయల 40 పైసలు, నిల్వ ఖర్చు యూనిట్‌కు 25 రూపాయల 74 పైసలు. నాలుగు ఆర్డర్లకు 1,600, సగటున 650 బేరింగుల నిల్వకు 16,731, మొత్తం 18,331. పాత 10,400 మీద 7,931 ఎక్కువ. ఆదాలోంచి తీసేస్తే ఇంకా 5,589 మిగులుతుంది, కాబట్టి కాగితం మీద ఒప్పుకోవచ్చు. తగ్గింపు అర శాతమే అయితే ఆదా 6,760కు పడిపోతుంది, పెరిగే ఖర్చు 8,000 దాటుతుంది, అప్పుడు వద్దనాలి.

అంతేకాక, 1,300 చొప్పున తెప్పిస్తే రీఆర్డర్ లెవెల్ 600 గానే ఉంటుంది, మినిమం లెవెలూ మారదు. మాక్సిమం మాత్రం 900 నుంచి 1,800కు ఎగబాకుతుంది. గోడౌనులో అంత చోటు లేక బయట అద్దెకు తీసుకోవాల్సి వస్తే, నెలకు 466 రూపాయలు దాటిన అద్దె ఆ 5,589ని పూర్తిగా తినేస్తుంది.